లుముంబా ఎత్తిన 'తూ' సంగతి

ఫ్రెంచిలో 'తూ' అంటే నువ్వు (మన ఉమ్మేసే తూ కాదు లెండి), 'వూ' అంటే మీరు. ఇంట్లో వాళ్లకీ స్నేహితులకీ తూ. కొత్తవాళ్లకీ పెద్దలకీ వూ. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు వూ తోనే మొదలుపెడితే మేలు. "తూ అనుకుందామా?" అని మామూలుగా పెద్దవాళ్లే అడుగుతారు. అప్పట్నుంచి ఇద్దరూ తూ అనుకుంటారు. ఇద్దరూ అనుకోవడమే అందులో ముఖ్యం.

బెల్జియం ఏలిన కాంగోలో ఇది తలకిందులైంది. తెల్లవాళ్లు ఎంత వయసున్న నల్లవాణ్ణైనా తూ అనేవాళ్లు. వాళ్లకి మాత్రం తిరిగి వూ అనే చెప్పాలి.

1960 జూన్ 30న లియోపోల్డ్‌విల్‌లో, అంటే ఇప్పటి కిన్షాసాలో, స్వాతంత్ర్య సభ జరిగింది. బెల్జియం రాజు బోదువాఁ తన పూర్వీకుడు రెండో లియోపోల్డ్‌ని పొగిడాడు. తర్వాత ప్రధాని పాట్రిస్ లుముంబా లేచాడు. తిన్న దెబ్బలు, చట్టం పేరుతో గుంజుకున్న భూములు, జైళ్లు, అన్నీ చెప్పాడు. వాటి మధ్యలోనే తూ సంగతీ ఎత్తాడు. నల్లవాణ్ణి తూ అన్నది స్నేహంతో కాదు, మర్యాదైన వూ తెల్లవాళ్లకే అట్టిపెట్టుకున్నారు కాబట్టి అన్నాడు. భూమి పక్కన, జైలు పక్కన ఆ చిన్న మాట! రాజుకి బాగా కోపమొచ్చింది.

మా ఇళ్లల్లో తాతని నువ్వనే అంటాం, తాతా మమ్మల్ని నువ్వనే అంటాడు. ఒకసారి పట్టా కాగితం కోసం తాతతో ఒక ఆఫీసుకి వెళ్లాం. మా ఈడు క్లర్కు "నువ్వు రేపు రా" అన్నాడు. తాత "మీరు ఎప్పుడంటే అప్పుడే సార్" అన్నాడు. మేం పక్కనే నిలబడి ఏమీ అనలేదు.