ఫొటోలోని బేరింగ్ పటం: సైన్, కొసైన్ నియమాలతో త్రిభుజ సాధన

బేరింగ్ అంటే ఉత్తర దిక్కు నుంచి గడియారపు ముల్లు తిరిగే వైపుగా కొలిచిన కోణం. దాన్ని మూడంకెల్లో రాస్తారు: తూర్పు 090°, దక్షిణం 180°, పడమర 270°. ఒక పడవ ఒక బేరింగ్‌లో కొంత దూరం వెళ్లి, దిశ మార్చి మరికొంత దూరం వెళితే, బయలుదేరిన చోటుతో కలిపి ఒక త్రిభుజం ఏర్పడుతుంది. అందులో లంబకోణం ఉండటం అరుదు. కాబట్టి పదో తరగతిలో ఎత్తులు, దూరాల లెక్కలకు వాడిన పద్ధతి ఇక్కడ నేరుగా పనికిరాదు. ఇంటర్ మొదటి సంవత్సరం ‘త్రిభుజ ధర్మాలు’ పాఠంలోని సైన్, కొసైన్ నియమాలు కావాలి. లెక్క ఫోన్‌తో తీసిన ఫొటో రూపంలో చేతికొస్తే వీటికి ముందు ఇంకో పని ఉంటుంది. బొమ్మ ఆకారాన్ని పక్కనబెట్టి, దాని మీద రాసిన అంకెలను మాత్రమే తీసుకోవాలి.

ఫోన్‌ను పేజీకి సరిగ్గా ఎదురుగా కాక ఓరగా పట్టుకుంటే, కెమెరాకు దూరంగా ఉన్న అంచు కుదించుకుపోతుంది. సరళరేఖలు సరళరేఖలుగానే ఉంటాయి గానీ కోణాలు, పొడవుల నిష్పత్తులు మారిపోతాయి. 115° కోణం ఫొటోలో 95° లాగా కనబడినా ఆశ్చర్యం లేదు. ఈ వక్రీకరణను పసిగట్టే గుర్తు బొమ్మలోనే ఉంది. ప్రతి శీర్షం దగ్గరా గీసిన ఉత్తర బాణాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఫొటోలో అవి పైకి పోయేకొద్దీ దగ్గరవుతున్నట్టు కనిపిస్తే, ప్రొట్రాక్టర్‌ను తెర మీద పెట్టి కొలవడం వృథా. అసలు చాలా పుస్తకాల్లో ఇలాంటి బొమ్మ కింద ‘స్కేలు ప్రకారం గీసినది కాదు’ అని ఉంటుంది. ఫొటోను కత్తిరించేటప్పుడు మొదట పోయేది ఆ వాక్యమే.

అంకెలనూ ఓసారి అనుమానించాలి. డిగ్రీ గుర్తు మసకబారితే సున్నాలా కనబడి 55° కాస్తా 550 అవుతుంది. దశాంశ బిందువు మాయమైతే 8.4 కిలోమీటర్లు 84 అవుతాయి. బేరింగ్ ఎప్పుడూ 360° లోపే ఉంటుంది. త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడోదానికంటే ఎక్కువగా ఉంటుంది. ఈ రెండు పరీక్షలతో పెద్ద పొరపాట్లు చాలావరకు బయటపడతాయి. ఆ తర్వాత ఫొటోను మూసేసి, ఉత్తరం నిట్టనిలువుగా ఉండేట్టు కాగితం మీద కొత్త బొమ్మ గీసుకోవడం ఉత్తమం.

ఫొటోలో ఉన్న లెక్క ఇదనుకుందాం. రేవు A నుంచి పడవ 055° బేరింగ్‌లో 8 కిలోమీటర్లు వెళ్లి B చేరింది. అక్కడి నుంచి 120° బేరింగ్‌లో 11 కిలోమీటర్లు వెళ్లి C చేరింది. A నుంచి C ఎంత దూరం, ఏ దిశలో ఉంది?

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది సూత్రాల్లో కాదు, B దగ్గరి కోణంలో. 120 లోంచి 55 తీసేసి 65° అని రాసేస్తారు. అది పడవ ఎంత మలుపు తిరిగిందో చెప్పే కోణమే తప్ప త్రిభుజం లోపలి కోణం కాదు. లోపలి కోణం కావాలంటే B దగ్గర నిలబడి A వైపు వెనక్కి చూడాలి. A, B ల వద్ద ఉత్తర రేఖలు సమాంతరం కాబట్టి, B నుంచి A బేరింగ్ 55 + 180 = 235°. C బేరింగ్ 120°. ఈ రెండు చూపుల మధ్య తేడా 115°. త్రిభుజంలో B కోణం అదే.

ఇప్పుడు రెండు భుజాలు, వాటి మధ్య కోణం తెలిశాయి. ఇక్కడ సైన్ నియమం ముందుకు సాగదు. ఏ భుజానికైనా దాని ఎదుటి కోణం కూడా తెలిస్తేనే అది పనిచేస్తుంది, ఇక్కడ అలాంటి జంట ఒక్కటీ లేదు. కాబట్టి కొసైన్ నియమం:

AC² = AB² + BC² − 2 × AB × BC × cos B
AC² = 64 + 121 − 176 × cos 115° = 185 + 74.38 = 259.38

అధికకోణానికి కొసైన్ రుణాత్మకం. అందుకే చివరి పదం తీసివేత నుంచి కూడికగా మారింది. AC దాదాపు 16.1 కిలోమీటర్లు. ఆ రుణ గుర్తును మరచిపోతే 10.5 వస్తుంది. అది తప్పని వెంటనే చెప్పవచ్చు. అధికకోణానికి ఎదురుగా ఉన్న భుజమే త్రిభుజంలో అన్నిటికంటే పొడవైనది, అది 11 కంటే చిన్నదిగా ఉండే వీలే లేదు.

115°, AC రూపంలో ఒక జంట దొరికింది కాబట్టి ఇక సైన్ నియమం వంతు:

sin A = 11 × sin 115° / 16.105 = 0.619

A కోణం 38.2°. మూడంకెలకు కుదించిన 16.1 కాకుండా, కాలిక్యులేటర్‌లో నిలిచిన పూర్తి విలువనే ఇక్కడ వాడాలి. A నుంచి B బేరింగ్ 055°. C దానికి కుడిపక్కన, అంటే గడియారపు ముల్లు వైపున ఉంది. అందువల్ల C బేరింగ్ 55 + 38.2 = 093.2°. తిరుగు ప్రయాణానికి 180 కలిపితే 273.2°. C ఎడమ పక్కన ఉండి ఉంటే 38.2 ను తీసివేయాల్సి వచ్చేది. కూడాలా, తీయాలా అన్నది తేల్చేది కొత్తగా గీసుకున్న బొమ్మే.

సైన్ నియమంతో కోణం కనుక్కునేటప్పుడు ఒక చిక్కుంది. sin 65°, sin 115° రెండూ ఒకటే, కాలిక్యులేటర్ మాత్రం ఎప్పుడూ అల్పకోణాన్నే చూపిస్తుంది. పై లెక్కలో ఇబ్బంది రాలేదు, ఎందుకంటే B అధికకోణం కాబట్టి A తప్పనిసరిగా అల్పకోణం. మరో లెక్కలో A కోణం 38.2°, AB 8, BC 6 మాత్రమే ఇచ్చారనుకుందాం. అప్పుడు C కోణం 55.5° కావచ్చు, 124.5° కూడా కావచ్చు. రెండింటితోనూ సరైన త్రిభుజాలే వస్తాయి, వాటిలో ఏది అడిగారో లెక్కలోని మాటల్లో వెతకాలి. ఫొటోలో కోణం విప్పారినట్టు కనిపించిందని అధికకోణాన్ని ఎంచుకోవడం మాత్రం కుదరదు.

జవాబును సరిచూడటానికి తూర్పు, ఉత్తర దూరాలు కూడితే చాలు. పడవ తూర్పుకు 8 sin 55° + 11 sin 120° = 16.08, ఉత్తరానికి 8 cos 55° + 11 cos 120° = −0.91 కిలోమీటర్లు కదిలింది. అంటే C దాదాపు నేరు తూర్పున, కాస్త దక్షిణానికి ఉంది. 093.2° చెప్పేదీ అదే.

ఇంత చేసినా కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే AC 15.6 అని వస్తుంది. చూడటానికి నమ్మదగ్గ సంఖ్యే. దొంగ దొరికేది తర్వాతి మెట్టులో, A కోణం 0.73 అని తేలినప్పుడు. అప్పుడు తెర పైభాగంలో R ఉందేమో చూసి, D కి మార్చి మొదటి నుంచి చేయాలి.