మెనూ కుదింపు (కేఫ్, టిఫిన్ సెంటర్)

మెనూ కుదింపు అంటే చిన్న కేఫ్‌లోనో, టిఫిన్ సెంటర్‌లోనో అమ్మే వంటకాలను తగ్గించి, ఉన్న సరుకులు, పొయ్యిలు, మనుషులతో వడ్డన ఆలస్యం కాకుండా, సరుకు వృథా కాకుండా జాబితా వేసుకోవడం. అమ్ముడుపోని వంటకాన్ని తీసేయడం ఇందులో ఒక భాగం మాత్రమే. బాగా అమ్ముడయ్యే వంటకాన్ని కూడా కొన్నిసార్లు తీసేయవలసి వస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఉదయం పూట నడిచే తెలుగు టిఫిన్ సెంటర్‌ను ఉదాహరణగా తీసుకుంటుంది.

చరిత్ర

చిన్న జాబితాతో వ్యాపారం నడపడానికి తొలి ఉదాహరణ ఏదో తేల్చడం కష్టం. హైదరాబాద్ ఇరానీ కేఫ్‌లు చాయ్, బిస్కట్, సమోసా వంటి కొద్ది పదార్థాలతో చాలాకాలంగా నడుస్తున్నాయి. అయితే అది ప్రణాళిక వేసుకుని చేసిన కుదింపా, అలవాటుగా స్థిరపడిందా అన్నది స్పష్టం కాదు. కావాలని చేసిన కుదింపుగా ఎక్కువమంది చూపేది అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు 1948లో చేసిన మార్పు. వారు నడుస్తున్న హోటల్‌ను కొన్ని నెలలు మూసి, పాతిక వరకు ఉన్న పదార్థాలను తొమ్మిదికి తగ్గించి మళ్లీ తెరిచారని సాధారణంగా రాస్తారు.

వంటకాలను లెక్కకట్టి వడపోసే పద్ధతి దీనికి చాలా తర్వాతిది. 1980లో జాక్ మిల్లర్ సరుకు ఖర్చు శాతాన్ని కొలతగా తీసుకున్నారు. 1982లో మైకేల్ కసవానా, డొనాల్డ్ స్మిత్ ఆ శాతానికి బదులు ప్లేటుకు మిగిలే సొమ్మును తీసుకున్నారు. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ వాడుకలోకి వచ్చింది, చిన్న హోటల్‌కు అదే మేలు కూడా. శాతం తక్కువగా కనిపించినంత మాత్రాన గల్లాపెట్టెలో డబ్బు ఎక్కువ మిగలదు.

గిరాకీ లెక్క, దాని లోపం

కసవానా, స్మిత్ పద్ధతిలో ఒక వంటకానికి గిరాకీ ఉందని చెప్పాలంటే అది సమాన వాటాలో కనీసం 70 శాతం అమ్ముడవాలి. పన్నెండు టిఫిన్లు ఉన్నచోట సమాన వాటా సుమారు 8.3 శాతం, అందులో 70 శాతం సుమారు 5.8. రోజుకు 200 ప్లేట్లు పోయే సెంటర్‌లో అది దాదాపు 12 ప్లేట్లు.

ఈ లెక్కకు రెండు సంగతులు అందవు. వంటకం పెనం మీద ఎంతసేపు ఉంటుందో అది చూడదు. ఒక సరుకు ఎన్ని వంటకాలకు పనికొస్తుందో కూడా చూడదు. టిఫిన్ సెంటర్‌లో జాప్యం, వృథా ఎక్కువగా పుట్టేది ఈ రెండు చోట్లే. అందువల్ల గిరాకీ లెక్కను మొదటి జల్లెడగా మాత్రమే తీసుకోవడం మంచిది.

ఒక ఉదాహరణ

ఒక సెంటర్‌లో టీ, కాఫీలు కాక ఇడ్లీ, గారె, సాదా దోసె, ఉల్లి దోసె, మసాలా దోసె, రవ్వ దోసె, పెసరట్టు, ఉప్మా, పూరీ, చపాతీ, మైసూర్ బజ్జీ, పొంగల్ ఉన్నాయనుకుందాం. రోజుకు పొంగల్ 8, చపాతీ 6 ప్లేట్లు పోతే అవి గిరాకీ లెక్కలోనే తప్పుకుంటాయి. రవ్వ దోసె 14, బజ్జీ 15 పోతే రెండూ నిలుస్తాయి. వీటి సంగతి పొయ్యి దగ్గర తేలుతుంది.

మూడు దోసెలు పట్టే పెనం మీద ఒక వాయికి సుమారు మూడు నిమిషాలు పడితే గంటకు 60 దోసెలు రావాలి. నీళ్లు చల్లి తుడవడం, పిండి గిన్నె మార్చడం కలుపుకుంటే 45కి మించి నమ్ముకోలేము. రవ్వ దోసెకు అయిదు నిమిషాల వరకు పడుతుంది. పైగా దాని పల్చటి పిండిని బాగా కాలిన పెనం మీద చల్లినట్టు పోయాలి. సాదా దోసె పిండిని గరిటెతో తిప్పి పరచాలంటే పెనం అంత వేడిగా ఉండకూడదు. ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంటే ప్రతిసారీ పెనాన్ని కాల్చడం, చల్లార్చడం తప్పదు. రద్దీ వేళ ఒక్క రవ్వ దోసె వెనుక రెండు మూడు సాదా దోసెలు ఆగుతాయి. అందుకే గిరాకీ ఉన్నా దాన్ని తీసేయాలి.

బజ్జీకీ గారెకూ ఒకటే నూనె మూకుడు. గారెకు వాడే మినపప్పు ఇడ్లీకి, దోసెకు కూడా కావాలి. బజ్జీకి కావలసిన మైదా, పెరుగు మిగిలిన వంటకాల్లో పెద్దగా పనికిరావు. అందువల్ల గారె ఉంటుంది, బజ్జీ పోతుంది. ఈ నాలుగు వంటకాలతో పాటు మైదా, బియ్యప్పిండి, పెరుగు, పెసరపప్పు కొనుగోలు చీటీ నుంచి తప్పుకుంటాయి.

పూరీని తీయాలా వద్దా అన్నదానిపై వంటవాళ్లలో రెండు వాదనలున్నాయి. పూరీ వత్తడానికి ఒక మనిషి కావాలి కాబట్టి తీయాలని కొందరంటారు. మసాలా దోసె ఉన్నంతకాలం పూరీ ఉండాలని మరికొందరి మాట. రెండోదే సబబుగా కనిపిస్తుంది. మసాలా దోసె ఒక్కటే ఉంటే బంగాళాదుంప కూర మిగిలినప్పుడు పోవడానికి మరో దారి ఉండదు. ఉంచితే రెండూ ఉంచాలి, తీస్తే రెండూ తీయాలి.

చివరికి ఎనిమిది టిఫిన్లు మిగులుతాయి. వాటిలో పెనం మీద పడేవి నాలుగు. ఇడ్లీ ఆవిరి మీద, ఉప్మా బాండీలో, గారె, పూరీ మూకుడులో తయారవుతాయి. ఏ పొయ్యి మీదా బరువంతా పడకుండా పని పంచుకోవడమే ఈ ఎంపికలో కీలకం.

ఒక్క వంటకానికే వాడే సరుకు

ఒకే వంటకానికి పనికొచ్చే సరుకులన్నీ తీసేయాలన్న సూత్రం తరచు వినిపిస్తుంది. అది పూర్తిగా నిలవదు. పెసలు ఈ జాబితాలో పెసరట్టుకు మాత్రమే వాడతారు. కానీ ఎండు గింజ నెలలు నిలవ ఉంటుంది, పిండి పులియవలసిన పని లేదు, నానిన పెసలను అవసరమైనంతే రుబ్బుకోవచ్చు. రుబ్బిన పెసర పిండిని మాత్రం బయట ఉంచితే పొద్దెక్కేసరికి పులుపెక్కుతుంది. కాబట్టి ఒకే వంటకానికి వాడే ఎండు సరుకును ఉంచుకోవచ్చు. ఒకే వంటకానికి వాడే పచ్చి సరుకును, వండిన కూరను వదులుకోవాలి.

పచ్చళ్లకూ ఇదే వర్తిస్తుంది. కొబ్బరి పచ్చడి కొన్ని గంటల్లోనే వాసన మారుతుంది. పల్లీ పచ్చడి, అల్లం పచ్చడి దానికంటే మెరుగ్గా నిలుస్తాయి. కొబ్బరి పచ్చడి తప్పనిసరైతే ఒకేసారి కాక రెండు వాయిలుగా రుబ్బాలి.

పిండి కొలత, వృథా

ముందు రోజు అమ్మకం చూసి పిండి నానబెట్టడం సాధారణ అలవాటు. అంతకంటే అదే వారం నాటి గత నాలుగు వారాల సగటు నమ్మదగినది. నాలుగు మంగళవారాల్లో ఇడ్లీ 52, 48, 55, 49 ప్లేట్లు పోతే సగటు 51. దానికి పదో వంతు కలిపితే సుమారు 56 ప్లేట్లకు పిండి చాలు. పదిన్నర దాటాక అడిగినంతే వాయి వేయాలి.

తెలుగు హోటళ్లలో ఇడ్లీకి రవ్వ పిండి, దోసెకు మెత్తని పిండి విడివిడిగా కలుపుతారు కాబట్టి రెండింటి మిగులును వేర్వేరుగా తూచాలి. మిగిలిన దోసె పిండిని చల్లగా దాస్తే మర్నాడు ఊతప్పానికో, పునుగులకో వస్తుంది. ఇడ్లీ పిండికి అంత వెసులుబాటు లేదు. పులుపు ఎక్కువైతే ఇడ్లీ అణిగిపోయి, ఘాటైన వాసన వేస్తుంది. వండిన పదార్థాన్ని 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన గాని, 5 డిగ్రీలకు దిగువన గాని ఉంచాలన్నది ఆహార భద్రతలో సాధారణ నియమం.

పారేసినదాన్ని మూడు ఖాతాలుగా రాస్తే కారణం తెలుస్తుంది: వండి అమ్మలేకపోయింది, నిలవలో పాడైంది, ప్లేటులో వదిలేసింది. మొదటిది పెరిగితే కొలత తప్పు, రెండోది పెరిగితే జాబితా తప్పు, మూడోది పెరిగితే వడ్డించే పరిమాణమో రుచో తప్పు.

పరిమితులు

కుటుంబాలతో వచ్చేవారు ఎక్కువగా ఉండే చోట, సాయంత్రం వ్యాపారం కూడా ఉన్న చోట ఈ జాబితా మారుతుంది. సాయంత్రం బజ్జీలు, పునుగులే ముఖ్యం కావచ్చు. తీసేసిన వంటకం కోసమే వచ్చేవారు ఎందరో అమ్మకాల లెక్క చెప్పదు. అందుకని ఉదాహరణలో తీసేసిన నాలుగు వంటకాలనూ ఒకేసారి కాక, వారానికి ఒకటి చొప్పున ఆపి మొత్తం అమ్మకం చూడడం క్షేమం. తీసిన తర్వాత అమ్మకం తగ్గకుండా వృథా బరువు తగ్గితే కుదింపు సరైనదే. అమ్మకం కూడా పడిపోతే ఆ వంటకాన్ని తిరిగి చేర్చాలి.