భిలాయి ఉక్కు, సెయిల్ డివిడెండ్: ఈక్విటీ మార్పుల పట్టికలో ఏది ఎక్కడ?

భిలాయి ఉక్కు కర్మాగారానికి సొంత వాటాలు లేవు. అది స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా (సెయిల్)లో ఒక యూనిట్ మాత్రమే. వాటా మూలధనం, డివిడెండ్, నిల్వలు అన్నీ సెయిల్ పేరిటే ఉంటాయి. విశాఖ ఉక్కు సంగతి వేరు. దానికి రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే సొంత కంపెనీ ఉంది. కాబట్టి భిలాయిలో తయారైన పట్టాల లాభం వాటాదారుకు ఎలా చేరిందో తెలుసుకోవాలంటే సెయిల్ వార్షిక నివేదికలోని ‘ఈక్విటీలో మార్పుల పట్టిక’ చూడాలి.

కంపెనీ యజమానుల సొమ్ము ఏడాది మొదట్లో ఎంత ఉంది, చివరికి ఎంతైంది, మధ్యలో ఏ కారణంతో మారింది అన్నది ఈ పట్టిక చెబుతుంది. సీఏ ఫైనల్‌లోని ఫైనాన్షియల్ రిపోర్టింగ్ వంటి పేపర్లలో దీన్ని తయారు చేయమని అడిగినప్పుడు అభ్యర్థులు ఎక్కువగా తడబడేది డివిడెండ్ దగ్గర. దానికి సెయిల్ లెక్కే మంచి ఉదాహరణ.

సెయిల్‌కు పది రూపాయల ముఖవిలువ గల వాటాలు సుమారు 413 కోట్లు ఉన్నాయి. 2023-24కు తుది డివిడెండ్‌గా వాటాకు ఒక రూపాయి ఇవ్వాలని బోర్డు 2024 మేలో సిఫారసు చేసింది. మొత్తం సుమారు 413 కోట్ల రూపాయలు. పేరు 2023-24దే అయినా, ఆ మొత్తం 2024 మార్చి 31 నాటి ఈక్విటీ నుంచి తగ్గదు. ఆ తేదీకి సిఫారసే లేదు, వాటాదారుల ఆమోదమూ లేదు. అందువల్ల కంపెనీకి చెల్లించాల్సిన బాధ్యత ఏర్పడలేదు. ఆ సంగతిని నోట్స్‌లో చెప్పి వదిలేస్తారు, తగ్గింపును 2024-25 పట్టికలో చూపుతారు. 2016లో లెక్కల ప్రమాణాలు సవరించేవరకు పాత పద్ధతిలో, ప్రతిపాదించిన డివిడెండ్‌ను అదే ఏడాది అప్పుగా చూపేవారు. పాత పుస్తకాలతో చదివినవారు ఇక్కడే పొరబడతారు.

ఇప్పుడు ఒక ఊహాజనిత కంపెనీ లెక్క చూద్దాం. 2024 ఏప్రిల్ 1 నాటికి దానికి పది రూపాయల వాటాలు 10 కోట్లు. పన్నుల ప్రభావాన్ని పక్కన పెడదాం. ఏడాదిలో జరిగినవి ఇవి: ఆగస్టులో గత ఏడాది తుది డివిడెండ్ వాటాకు రూపాయి చెల్లించింది. అక్టోబరులో 25 రూపాయల చొప్పున 2 కోట్ల కొత్త వాటాలు జారీ చేసింది. జనవరిలో వాటాకు 50 పైసల మధ్యంతర డివిడెండ్ ఇచ్చింది. లాభం 35 కోట్లు. మార్చి 31న భూమి విలువ 12 కోట్లు పెరిగింది. గతంలో విలువ పెంచిన ఒక భవనంపై, ఆ పెంపు వల్ల అదనంగా పడిన తరుగుదల 3 కోట్లు. 2025 మేలో వాటాకు రూపాయి తుది డివిడెండ్ సిఫారసు చేసింది.

| కోట్ల రూపాయల్లో | వాటా మూలధనం | ప్రీమియం | పునర్మూల్యాంకన మిగులు | నిలుపుకున్న లాభాలు | మొత్తం |
|---|---|---|---|---|---|
| ప్రారంభ నిల్వ | 100 | 40 | 30 | 80 | 250 |
| తుది డివిడెండ్ (గత ఏడాదిది) | – | – | – | −10 | −10 |
| వాటాల జారీ | 20 | 30 | – | – | 50 |
| మధ్యంతర డివిడెండ్ | – | – | – | −6 | −6 |
| లాభం | – | – | – | 35 | 35 |
| భూమి విలువ పెరుగుదల | – | – | 12 | – | 12 |
| అదనపు తరుగుదల బదిలీ | – | – | −3 | 3 | 0 |
| ముగింపు నిల్వ | 120 | 70 | 39 | 102 | 331 |

వాటాల జారీలో వచ్చిన 50 కోట్లలో ముఖవిలువ మేరకు 20 కోట్లే మూలధనం, మిగతా 30 కోట్లు ప్రీమియం. మధ్యంతర డివిడెండ్ 5 కోట్లు కాదు, 6 కోట్లు. అప్పటికి వాటాలు 12 కోట్లు అయ్యాయి. డివిడెండ్ లెక్కకు ముందు ఆ తేదీకి ఎన్ని వాటాలున్నాయో చూసుకోవడం అందుకే తప్పనిసరి.

భూమి విలువ పెరిగిన 12 కోట్లు లాభంలో కలవవు. అవి ఇతర సమగ్ర ఆదాయం ద్వారా నేరుగా మిగులుకు చేరతాయి. తర్వాత అదే ఆస్తి విలువ పడిపోతే ముందు ఆ ఆస్తికి చెందిన మిగులును తగ్గిస్తారు. అది చాలకపోతేనే మిగిలింది నష్టంగా లాభనష్టాల ఖాతాకు పోతుంది. ఒక ఆస్తి మిగులుతో మరో ఆస్తి నష్టాన్ని పూడ్చకూడదు.

అదనపు తరుగుదల తాలూకు 3 కోట్లు ఒక గడి నుంచి మరో గడికి మారాయంతే. లాభనష్టాల ఖాతాను తాకలేదు. ఆ వరుస మొత్తం సున్నా రాకపోతే ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. ఈ బదిలీ చేయడం కంపెనీ ఎంపిక, తప్పనిసరి కాదు. అందుకే ప్రశ్నలో ‘ఏటా బదిలీ చేస్తుంది’ అన్న వాక్యం ఉందో లేదో చూడాలి.

మేలో సిఫారసు చేసిన 12 కోట్లు పట్టికలో కనిపించవు. పొరపాటున తగ్గిస్తే మొత్తం 319 వస్తుంది. అప్పుడు నికర ఆస్తుల లెక్కతో సరిపోదు, ఎందుకంటే కంపెనీ ఖజానా నుంచి ఆ సొమ్ము బయటికి వెళ్లలేదు, అప్పుగానూ నమోదు కాలేదు. ఆస్తుల నుంచి అప్పులు తీసివేస్తే వచ్చే సంఖ్య 331తో సరితూగాలి. జవాబు పత్రం ఇచ్చే ముందు చేయాల్సిన చివరి పరీక్ష ఇదే. అయితే ఒక పద్దును తప్పు గడిలో వేస్తే ఈ పరీక్ష పట్టుకోలేదు. దానికి ప్రతి నిలువు వరుసనూ విడిగా కూడి, సంబంధిత నిల్వతో పోల్చాల్సిందే.