చెబిషెవ్ బిందువులు – దోషము తరిగే తీరు

1901లో జర్మన్ గణితజ్ఞుడు కార్ల్ రూంగే ఒక వింతను ప్రకటించాడు. ఆయన ఉదాహరణను నేడు 1/(1+25x²) అను ప్రమేయముగా వ్రాస్తారు. −1 నుండి +1 వరకు సమాన దూరములలో బిందువులు తీసుకొని, వాటన్నిటివద్ద ప్రమేయముతో ఏకీభవించే బహుపదిని కట్టవలెను. బిందువులు పెంచినకొలదీ బహుపది ప్రమేయమునకు దగ్గర కావలెనని ఎవరైనా అనుకొంటారు. జరిగేది వేరు. పరిమాణము 10 అయినప్పుడు అత్యధిక దోషము సుమారు 1.9, పరిమాణము 20 అయినప్పుడు దాదాపు 60! అసలు ప్రమేయము విలువ ఎక్కడా 1కి మించదు. ఈ ఊగిసలాట అంతా రేఖ కొనల దగ్గరనే.

విరుగుడుకు మూలము అంతకుముందే ఉన్నది. ఆవిరియంత్రములలో కడ్డీల కూర్పును పరిశీలిస్తూ, 1854లో రష్యన్ గణితజ్ఞుడు చెబిషెవ్ సున్నకు అతి తక్కువగా ఎడమయ్యే బహుపదులను కనుగొన్నాడు. వాటికి సంబంధించిన బిందువులను గీయుట సులభము. అర్ధవృత్తమును సమభాగములు చేసి, ప్రతి బిందువు నుండి వ్యాసముమీదికి లంబము దించితే చాలును. అవి కొనలవద్ద గుమిగూడుతాయి. ఈ బిందువులతో రూంగే ప్రమేయమునకు దోషము పరిమాణము 10కి 0.13, 20కి 0.018 మాత్రమే.

ఎందుకు? సమాధానము రేఖమీద లేదు, సంకీర్ణ తలములో ఉన్నది. x = ±i/5 వద్ద హారము సున్న అయి, ప్రమేయము చెడుతుంది. −1, +1 నాభులుగా, ఆ రెండు చోట్లను తాకే దీర్ఘవృత్తమును గీయండి. దాని అర్ధాక్షములు 0.2, 1.02, మొత్తము 1.22. పరిమాణము ఒక్కటి పెరిగితే దోషము సగటున ఈ 1.22వ వంతుగా తగ్గుతుందని 1912లో బెర్న్‌స్టైన్ చేసిన పనివల్ల తెలుస్తుంది. 12 బిందువులు చేర్చినచో ఒక దశాంశ స్థానము కలిసివస్తుంది. తరువాతి 12కు మరొకటి. ఘాతీయముగా తగ్గుట అంటే ఇదే.

1938లో లాంట్సోష్ ఈ బిందువులను అవకలన సమీకరణములకు వాడాడు. ఉదాహరణకు (1+25x²)y′ + 50xy = 0, y(−1) = 1/26 అనుకొందాము. బిందువులవద్ద y విలువలే అజ్ఞాతములు. వాటిగుండా పోయే బహుపది −1 వద్ద ఇచ్చిన విలువను, మిగిలిన ప్రతి బిందువువద్ద సమీకరణమును తృప్తిపరచవలెనని కోరితే, ఎన్ని అజ్ఞాతములో అన్ని సామాన్య సమీకరణములు వస్తాయి. ఇదే కొలొకేషన్. దీని సాధన మన రూంగే ప్రమేయమే! సాధన తెలియకపోయినా, y′ గుణకము సున్న అయ్యే చోటును చూచి 1.22ను ముందే లెక్కకట్టవచ్చును.

|x| వంటి ప్రమేయమునకు మాత్రము ఈ లాభము లేదు. దాని మడత రేఖమీదనే ఉన్నందున దీర్ఘవృత్తమునకు చోటే మిగలదు. బిందువులు రెట్టింపు చేస్తే దోషము సగమవుతుంది, అంతే.