ట్రాక్టర్ జాక్‌లో ఏ ఆయిల్ పోయాలి? బ్రేక్ ఆయిల్ ఎందుకు పోయకూడదు?

కొండాపూర్, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల్లో ట్రాక్టర్, ట్రాలీ ఉన్న ఇళ్లలో బాటిల్ జాక్ ఒకటి ఉంటుంది. గ్యారేజీల్లో చక్రాలున్న ట్రాలీ జాక్ వాడతారు. రెండూ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి. ఆయిల్ తగ్గితే జాక్ పూర్తిగా లేవదు. అప్పుడు చాలామంది స్పేర్ పార్ట్స్ షాపులో చిన్న సీసాల్లో దొరికే బ్రేక్ ఆయిల్ తెచ్చి పోస్తారు. జాక్ పాడవడానికి ఇదే కారణమవుతుంది.

బ్రేక్ ఆయిల్ నిజానికి ఆయిల్ కాదు

మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది డాట్ 3, డాట్ 4 అని రాసి ఉండే ద్రవం. ఇది గ్లైకాల్ రకం రసాయనాలతో తయారవుతుంది. నూనె నీటిలో కలవదు, ఇది కలుస్తుంది. జాక్‌లో పోయాల్సిన హైడ్రాలిక్ ఆయిల్ మాత్రం ముడి చమురు నుంచి తీసిన నూనె.

తేడా రబ్బరు దగ్గర వస్తుంది. జాక్ లోపలి సీళ్లు ఎక్కువగా నైట్రైల్ రబ్బరుతో చేస్తారు. ఈ రబ్బరు నూనెను తట్టుకుంటుంది కానీ బ్రేక్ ద్రవంలో ఉబ్బి మెత్తబడుతుంది. బ్రేకుల్లోని రబ్బరు దీనికి విరుద్ధం, అది నూనె తగిలితే ఉబ్బుతుంది. అందుకే జాక్ ఆయిల్‌ను బ్రేక్ డబ్బాలో కూడా పోయకూడదు. పోస్తే బ్రేకులే పనిచేయకుండా పోతాయి.

బ్రేక్ ద్రవం గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. వానాకాలమంతా షెడ్డులో పడి ఉన్న జాక్‌లో ఆ తేమ చేరి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు గరుకు సీలును కోస్తుంది.

పాడైన సంగతి ఎలా తెలుస్తుంది?

ఉదాహరణకు, మీ 5 టన్నుల బాటిల్ జాక్‌లో బ్రేక్ ఆయిల్ పోశారనుకుందాం. ఆ రోజు ట్రాలీ బాగానే లేస్తుంది, కాబట్టి అనుమానం రాదు. కొన్ని వారాల తర్వాత పత్తి లోడుతో ఉన్న ట్రాలీ టైరు పంచరవుతుంది. జాక్ ఎత్తుతుంది కానీ మీరు నట్లు విప్పేలోపే మెల్లగా దిగుతుంది. పైకి లేచే కడ్డీ చుట్టూ తడి కనిపిస్తుంది. ఆ తడి తగిలిన చోట జాక్ రంగు ఉబ్బి ఊడుతుంది. రంగు ఊడుతుంటే లోపల బ్రేక్ ద్రవం ఉందని గట్టిగా అనుమానించాలి.

నిర్ధారణకు గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని, జాక్‌లోని ద్రవం కొద్దిగా వేసి కలపండి. పైకి తేలి పొరలా నిలిస్తే నూనె. నీటిలో కలిసిపోతే బ్రేక్ ద్రవం.

ఏ ఆయిల్ తేవాలి?

డబ్బా మీద హైడ్రాలిక్ ఆయిల్, 32 లేదా 46 గ్రేడ్ అని చూసి తీసుకోండి. సర్వో సిస్టమ్ 46 వంటివి ఈ రకానివే. అంకె పెరిగే కొద్దీ ఆయిల్ చిక్కగా ఉంటుంది. మన ఎండలకు 46 సరిపోతుంది, 32 వాడినా ఇబ్బంది లేదు. జాక్‌తో వచ్చిన కాగితంలో వేరే గ్రేడ్ చెప్పి ఉంటే అదే వాడండి. చిన్న బాటిల్ జాక్‌కు లీటరు డబ్బా చాలు, ఇంకా మిగులుతుంది. ఇంజన్ ఆయిల్ సీలును వెంటనే పాడుచేయదు కానీ చిక్కగా ఉండి జాక్ నెమ్మదిస్తుంది. ఇంజన్ నుంచి తీసిన నల్ల ఆయిల్ అసలు వద్దు. అందులోని మడ్డి వాల్వుల్లో ఇరుక్కుంటుంది.

బాటిల్ జాక్‌లో పోసే పద్ధతి

1. కింది స్క్రూ వదులు చేసి కడ్డీని పూర్తిగా కిందికి దించండి. కడ్డీ పైకి ఉండగా నింపితే దిగేటప్పుడు ఆయిల్ పొంగుతుంది.
2. జాక్‌ను నిలువుగా పెట్టి పక్కనున్న రబ్బరు బిరడా తీయండి.
3. ఆ రంధ్రం అంచు కింది వరకే ఆయిల్ పోయండి.
4. స్క్రూ వదులుగానే ఉంచి హ్యాండిల్‌ను పది పన్నెండు సార్లు కొట్టండి. లోపలి గాలి బయటికి వస్తుంది. మట్టం తగ్గితే మళ్లీ పోసి బిరడా పెట్టండి.
5. స్క్రూ బిగించి, బరువు లేకుండా పూర్తిగా ఎత్తి దించి చూడండి.

ఇప్పటికే బ్రేక్ ఆయిల్ పోసి ఉంటే

దానిపై హైడ్రాలిక్ ఆయిల్ పోయవద్దు. రెండూ కలవవు, సీలు బాగుపడదు. ద్రవమంతా వంచేసి, విప్పించి, శుభ్రం చేయించి, సీల్ కిట్ మార్పించండి. మార్చిన తర్వాత కూడా కడ్డీ మీద తుప్పు గుంటలు ఉంటే కొత్త సీలు నిలవదు. అప్పుడు జాక్‌నే మార్చడం మేలు.

జాక్ మంచిదైనా దాన్ని నమ్ముకుని ట్రాలీ కిందికి దూరవద్దు. ఎత్తగానే ఇరుసు కింద గట్టి కట్టె దిమ్మెలు పెట్టండి. నల్లరేగడిలో జాక్ అడుగున మందపాటి చెక్క తప్పనిసరి.