వేగమా, వడియా? తెలుగులో సైన్సు జవాబు

తెలుగులో శాస్త్రం రాయాలని 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు తరానికి మొదటి చిక్కు పేర్లతోనే వచ్చింది. ఆ కాలపు రచనల్లో ఆక్సిజన్ ఆమ్లజని అయింది, హైడ్రోజన్ ఉదజని అయింది. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆ వాయువుకు గ్రీకు మూలాలతో లవోజియే పెట్టిన పేరుకు అది సరైన అనువాదమే. కానీ ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందన్న ఆయన ఊహ తప్పు. HCl లో ఆక్సిజన్ లేనే లేదు. అంటే మాటతోపాటు పాత పొరపాటు కూడా తెలుగులోకి వచ్చింది. తర్వాతి పాఠ్యపుస్తకాలు మూలకాల విషయంలో ఆక్సిజన్, హైడ్రోజన్ అనే రాయడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం. గుర్తు O, H అయినప్పుడు పేరు కూడా దానికి దగ్గరగా ఉంటే విద్యార్థికి తేలిక.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వచ్చాక అసలు కష్టం మరోచోట బయటపడింది. అది కొత్త మాటలతో కాదు, అందరికీ తెలిసిన మాటలతో వచ్చింది. వాడుకలో వడి, వేగం ఒకటే. భౌతికశాస్త్రంలో వడికి దిశ లేదు, వేగానికి ఉంది. 70 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తాకార బాటలో ఒకరు 44 సెకన్లలో ఒక చుట్టు పూర్తిచేశారనుకుందాం. చుట్టుకొలత సుమారు 440 మీటర్లు, కాబట్టి సగటు వడి సెకనుకు 10 మీటర్లు. బయలుదేరిన చోటికే తిరిగొచ్చారు గనక స్థానభ్రంశం సున్నా, సగటు వేగం కూడా సున్నా. లెక్కంతా సరిగ్గా చేసి చివర "సగటు వేగం 10" అని రాస్తే ఆ జవాబు తప్పే. ఇక్కడ ప్రమాణం కూడా కాపాడదు, రెండింటికీ ఒకటే కాబట్టి. శక్తి, సామర్థ్యం విషయంలో మాత్రం కాపాడుతుంది: "శక్తి 500 వాట్లు" అని రాసినవారు జౌళ్లు ఎక్కడున్నాయని వెతికితే, తమకు కావలసిన మాట సామర్థ్యమని తెలిసిపోతుంది.

ఇంత తిప్పలెందుకు, అన్నీ ఇంగ్లిషు మాటలే తెలుగు లిపిలో రాస్తే పోదా అని కొందరంటారు. స్పీడ్, వెలాసిటీ అని రాసినా దిశ సంగతి తెలియనివారు అక్కడే తడబడతారు. లిపి మారితే భావన స్పష్టం కాదు. పైగా తెలుగు ప్రశ్నలో వేగం అని ఉంటే దాని అర్థం తెలిసి తీరాలి. అచ్చ తెలుగే ఉండాలనే వారి వాదనకూ ఒక హద్దుంది. నీట్‌లో తెలుగు ఎంచుకున్నవారికి ప్రశ్నపత్రం ఇంగ్లిషుతో కలిపి ఇస్తారు, అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిషు పాఠమే చెల్లుతుంది. కాబట్టి జవాబు గుర్తించే ముందు ఆ రెండో పాఠంలోని పదాన్ని ఒక్కసారి చూసుకోండి.