పేరుకు తగిలించిన తోక

నందమూరి తారక రామారావు పేరే పెట్టుకున్న ఆయన మనవడిని మనం జూనియర్ ఎన్టీఆర్ అంటాం. ఆ పిలుపు నోళ్లలో నానిపోయింది కాబట్టి ఇందులో తేడా ఉందని ఎవరికీ తోచదు. కానీ ఈ తోకలు బాగా పాతుకుపోయిన అమెరికాలో లెక్క వేరు. అక్కడ జూనియర్ అంటే తండ్రి పేరే పెట్టుకున్న కొడుకు. తండ్రిని దాటి తాత పేరో, మేనమామ పేరో, పెదనాన్న పేరో వస్తే వాడుకలో తగిలించేది II. ఆ లెక్కన మన జూనియర్ అక్కడ ‘ఎన్టీఆర్ ది సెకండ్’ అవుతాడు.

ఈ లెక్క మొదటినుంచీ ఇలా లేదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వెళ్లి మసాచుసెట్స్ ప్రాంతంలో స్థిరపడిన వాళ్లలో జాన్, థామస్, శామ్యూల్ లాంటి కొద్ది పేర్లే మళ్లీ మళ్లీ వినిపించేవి. మధ్య పేరు పెట్టుకునే అలవాటు దాదాపు లేదు. దాంతో ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉండేవారు. పన్ను ఎవరు కట్టారో, పొలం ఎవరు కొన్నారో రాసుకోవాల్సిన ఊరి గుమాస్తాకు వాళ్లను విడదీసి చూపే గుర్తు కావాలి. వయసులో పెద్దవాడి పక్కన సీనియర్ అనీ, చిన్నవాడి పక్కన జూనియర్ అనీ, మూడోవాడు ఉంటే ‘థర్డ్’ అనీ రాసుకున్నాడు. వాళ్లు తండ్రీ కొడుకులే కానక్కర్లేదు. బాబాయి, అబ్బాయి కావచ్చు, ఏ చుట్టరికమూ లేనివాళ్లూ కావచ్చు. ఆడవాళ్లకూ ఈ గుర్తులు వాడతారు. 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణలో సాక్ష్యం చెప్పిన పన్నెండేళ్ల ఆన్ పట్నంను చరిత్రకారులు ఆన్ పట్నం జూనియర్ అంటారు. తల్లి పేరూ ఆన్ పట్నమే.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఈ గుర్తు మనిషికి శాశ్వతంగా అంటుకునేది కాదు. పెద్దవాడు చనిపోయినా ఊరు విడిచి వెళ్లినా మిగిలినవాళ్లు ఒక్కో మెట్టు పైకి జరిగేవారు. నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్, నిన్నటి థర్డ్ ఇవాళ జూనియర్. పదేళ్ల తేడాతో రాసిన రెండు దస్తావేజుల్లో ‘జాన్ జూనియర్’ అని ఉంటే వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు కావచ్చు. అందుకే అక్కడ వంశవృక్షం తీసేవాళ్లు తోకను నమ్ముకోరు. భార్య పేరు, పొలం హద్దులు, వీలునామా సరిచూసుకున్నాకే ఎవరు ఎవరో తేలుస్తారు.

మధ్య పేర్లు పెరిగి, కాగితాలు పెరిగాక తోక పేరుతోపాటు స్థిరపడిపోయింది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ జూనియర్ సంగతే చూడండి. అదే పేరున్న తండ్రి, వైద్యుడూ రచయితా, 1894లో పోయాడు. కొడుకు సుప్రీంకోర్టులో అడుగుపెట్టింది 1902లో. పాత పద్ధతి ప్రకారం అప్పటికే సీనియర్ కావాలి, కానీ చరిత్రలో జూనియర్ గానే మిగిలాడు. II కు మంచి ఉదాహరణ ఫోర్డ్ కుటుంబం. కార్ల కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ కొడుకు పేరు ఎడ్సెల్. ఎడ్సెల్ 1917లో పుట్టిన తన కొడుక్కి తాత పేరు పెట్టాడు. మధ్యలో తండ్రి పేరు వేరు కాబట్టి మనవడు జూనియర్ కాలేదు, హెన్రీ ఫోర్డ్ II అయ్యాడు. III సాధారణంగా జూనియర్ తర్వాతో, II తర్వాతో అదే పేరుతో వచ్చేవాడికి పెడతారు.

జూనియర్ కావాలంటే పేరు మొత్తం కలవాలి, మధ్య పేరుతో సహా. అధ్యక్షులైన బుష్ తండ్రీ కొడుకులను పత్రికలు సీనియర్, జూనియర్ అని రాశాయి గానీ, తండ్రి జార్జ్ హెర్బర్ట్ వాకర్ బుష్, కొడుకు జార్జ్ వాకర్ బుష్. హెర్బర్ట్ అన్న ఒక్క మాట లేనందువల్ల కొడుకు పేరుకు జూనియర్ తగలలేదు. రాజులకూ పోపులకూ వేసే అంకెతో దీన్ని కలపకూడదు. ఎలిజబెత్ II అన్నప్పుడు ఆ అంకె సింహాసనం ఎక్కిన వరసను చెబుతుంది, తండ్రీ కొడుకుల వరసను కాదు.

ఇక ఫారాల దగ్గరికి వద్దాం. అమెరికాలో బిడ్డ పుట్టినప్పుడు నింపే జనన పత్రంలోనే పేరు, మధ్య పేరు, ఇంటిపేరు తర్వాత సఫిక్స్ అని చోటు ఉంటుంది. తోక అధికారికంగా మొదలయ్యేది అక్కడే. కానీ సోషల్ సెక్యూరిటీ శాఖ సఫిక్స్‌ను చట్టబద్ధమైన పేరులో భాగంగా లెక్కపెట్టదు. ఒకే దేశంలో ఒక కాగితం అడుగుతుంది, ఇంకో కార్యాలయం పట్టించుకోదు. తికమకంతా ఇక్కడే.

జీతగాళ్లకు కంపెనీ ఇచ్చే W-2 ఫారం తీసుకుందాం. పేరు గడిలో ఇంటిపేరు పక్కన Suff. అని చిన్న చోటు ఉంటుంది. చోటు ఉంది కదా అని నింపేయడం కాదు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద సఫిక్స్ అచ్చయి ఉంటే తప్ప, ఆ శాఖకు వెళ్లే ప్రతిలో అది రాయవద్దని పన్నుల శాఖ సూచనలు చెబుతాయి. కార్డు మీద ఉన్నా రాయకపోవడమే సోషల్ సెక్యూరిటీ శాఖకు ఇష్టమని కూడా చేరుస్తాయి. జాన్ హెన్రీ స్మిత్ జూనియర్ అనే ఉద్యోగి ఉన్నాడనుకుందాం. డ్రైవింగ్ లైసెన్సు మీద Jr ఉంది, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద లేదు. W-2 లో ఇంటిపేరు Smith, Suff. ఖాళీ. జనం చేసే పొరపాటు ఇంటిపేరు గడిలోనే Smith Jr అని కొట్టడం. కంప్యూటర్ దాన్నంతా ఇంటిపేరు అనుకుంటే రికార్డుతో పొసగదు. అదే ఉద్యోగి లైసెన్సు వివరాలు అడిగే ఫారంలో మాత్రం సఫిక్స్ గడిలో Jr రాయాలి. ఏ కాగితాన్ని సరిచూస్తారో ఆ కాగితం మీద ఉన్నట్టే నింపాలన్నది సూత్రం.

విడిగా గడి లేనప్పుడు చాలామంది ఇంటిపేరు తర్వాత ఒక ఖాళీ వదిలి, కామా, చుక్క లేకుండా Jr అని రాస్తారు. III రాయడానికి పెద్ద అక్షరం I మూడుసార్లు కొట్టాలి, అంకె 1 కాదు. విమానం టికెట్టు మీద తోక ఉండి గుర్తింపు కార్డు మీద లేకపోయినా, కార్డు మీద ఉండి టికెట్టు మీద లేకపోయినా, అమెరికా విమానాశ్రయ భద్రతా విభాగం దాన్ని పేరు తేడాగా పరిగణించదు. మన తెలుగువాళ్లలో చాలామందికి ఆ గడితో పనే లేదు, ఖాళీగా వదిలేయాలి. ఇంటిపేరు పొడి అక్షరాలు అందులో వేయకూడదు. రెండో కొడుకును కదా అని II ఎంచుకోకూడదు. తాత పేరు పెట్టుకున్న మనవడైనా జనన పత్రంలో లేని తోకను ఫారంలో కొత్తగా పుట్టించకూడదు.

తోక విలువ నిజంగా తెలిసేది అప్పుల చిట్టా దగ్గర. ఒకే పేరు, ఒకే చిరునామా ఉన్న తండ్రీ కొడుకుల క్రెడిట్ రిపోర్టులు కలిసిపోవడం అక్కడ తెలిసిన సమస్యే. పట్టుకోవడం కష్టం కాదు. కొడుకు రిపోర్టులో అతనికి పద్దెనిమిదేళ్లు రాకముందే తీసుకున్న ఇంటి అప్పో, అతనెప్పుడూ ఉండని చిరునామానో కనిపిస్తే అది తండ్రిది అయ్యే అవకాశమే ఎక్కువ. annualcreditreport.com లో రిపోర్టు ఉచితంగా తీసుకుని, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు ఆధారాలతో ఆ రిపోర్టు ఇచ్చిన బ్యూరోకు అభ్యంతరం రాస్తే, మామూలుగా 30 రోజుల్లో విచారించాలని చట్టం చెబుతుంది. బ్యాంకు దరఖాస్తుల్లో తండ్రి ప్రతిచోటా Sr, కొడుకు ప్రతిచోటా Jr అని ఒకే తీరుగా రాస్తే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. ఒకచోట రాసి ఇంకోచోట మానేస్తే రెండు ఖాతాలు ఒకరివేనేమో అన్న అనుమానానికి దారి ఇచ్చినట్టే.